ఐదో తారీఖున ఖాతాలో డబ్బు లేనివాళ్లు: ఒక లోన్ స్కోరు కేస్ స్టడీ

నేపథ్యం

హైదరాబాద్‌లో టూ వీలర్ లోన్లు ఇచ్చే చిన్న ఫైనాన్స్ కంపెనీ అది. పేరు చెప్పను. ఎవరూ గుర్తుపట్టకుండా అంకెల్ని కొంచెం అటూ ఇటూ సర్దాను, కథ మాత్రం మార్చలేదు. షోరూముల్లో కౌంటర్లు పెట్టుకుని, డౌన్ పేమెంట్ పోను మిగతా సొమ్మును రెండేళ్ల ఈఎంఐల మీద ఇస్తారు. సగటు లోను 80 వేలు.

మొదట్లో లోను ఇవ్వాలా వద్దా అనేది కౌంటర్లో కూర్చున్న మేనేజరే తేల్చేవాడు. మనిషిని చూసి నాలుగు ప్రశ్నలు అడిగి, అవసరమైతే ఇంటికి వెళ్లి వచ్చి సంతకం పెట్టేవాడు. కంపెనీ పెరిగేకొద్దీ మేనేజర్ల మీద ఫిర్యాదులూ పెరిగాయి. ఒకరు తనవాళ్లకే ఇస్తున్నారని, ఇంకొకరు చేయి తడపనిదే ఫైలు కదలడం లేదని. మనిషిని పక్కన పెడితే పక్షపాతం కూడా పోతుందన్న నమ్మకంతో యాజమాన్యం ఒక స్కోరింగ్ మోడల్ తయారుచేయించుకుంది. ఆ ఆశను నేను తప్పుపట్టను. మేనేజర్ల కాలంలో అన్యాయం జరగలేదని ఎవరూ అనలేరు.

మోడల్ అంటే ఇక్కడ పెద్ద మాయ ఏమీ లేదు. మేనేజర్లు ఇచ్చిన పాత లోన్లు 1,200 తీసుకున్నారు. ఒక్కో లోనుకూ ‘మంచిది’ లేదా ‘చెడ్డది’ అని గుర్తు పెట్టారు. మా పనిలో ఆ గుర్తును లేబుల్ అంటాం. మంచి లోన్లు తీసుకున్నవాళ్లలో, చెడ్డ లోన్లు తీసుకున్నవాళ్లలో కనిపించే తేడాల్ని ప్రోగ్రామ్ లెక్కగట్టి, కొత్త దరఖాస్తుదారు ఎవరికి దగ్గరగా ఉన్నాడో చూసి ఒక స్కోరు ఇస్తుంది. కటాఫ్ దాటితే మంజూరు, దాటకపోతే రిజెక్ట్. వయసు, ఆదాయం, పని రకం, పిన్‌కోడ్, బ్యాంకు ఖాతా ఎన్నేళ్లది, ఆర్నెల్ల స్టేట్‌మెంట్‌లోని నిల్వలు, యాప్‌లో ఎంచుకున్న భాష, ఇలాంటివి దానికి ముడిసరుకు. మతం, కులం అనే కాలమ్‌లు ఎక్కడా లేవు. కంపెనీవాళ్లు నాతో మొదట చెప్పిన మాట కూడా అదే.

సమస్య ఎలా బయటపడింది

ఇలాంటి స్కోరింగ్ మోడళ్లను పరిశీలించడం నా పని. అయినా నన్ను పిలిచింది పక్షపాతం వెతకమని కాదు. పాతబస్తీ వైపున్న ఒక షోరూము యజమాని, తాను పంపిన ఫైళ్లు మూడింట రెండు వంతులు వెనక్కి వస్తున్నాయని, ఇలాగైతే వేరే ఫైనాన్స్ కంపెనీని చూసుకుంటానని బెదిరించాడు. వ్యాపారం పోతుందన్న భయంతో పిలిచారు. ఈ రంగంలో నాకు వచ్చే కేసులు చాలావరకు ఇలా పక్కదారినే వస్తాయి.

ఆర్నెల్ల దరఖాస్తుల్ని రెండు కుప్పలుగా విడదీశాను. కూకట్‌పల్లి, మియాపూర్, నిజాంపేట పిన్‌కోడ్‌లు ఒక కుప్ప. చార్మినార్, ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట పిన్‌కోడ్‌లు ఇంకో కుప్ప. కూకట్‌పల్లి వైపు 2,000 దరఖాస్తుల్లో 1,240 మంజూరయ్యాయి, అంటే 62 శాతం. పాతబస్తీ వైపు 1,000లో 310, అంటే 31 శాతం. సరిగ్గా సగం.

అమెరికాలో ఉద్యోగ నియామకాలకు 1978 నుంచి ఒక కొలబద్ద వాడుతున్నారు. ఒక వర్గం ఎంపిక శాతం, ఎక్కువగా ఎంపికవుతున్న వర్గం శాతంలో ఐదింట నాలుగు వంతుల కన్నా తక్కువైతే ఆగి చూడమంటుంది. మన దగ్గర లోన్లకు అది చట్టం కాదు. ఉత్త గంట లాంటిది. గంట మోగినంత మాత్రాన దొంగ పడ్డాడని కాదు, లేచి తలుపు చూడాలని మాత్రమే. ఇక్కడ నాలుగు వంతులు దాటాల్సిన చోట రెండున్నర దగ్గర ఉన్నాం.

కంపెనీ రిస్క్ హెడ్ దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. పాత లోన్లలో కూకట్‌పల్లి వైపు 12 శాతం చెడ్డవయ్యాయట, పాతబస్తీ వైపు 29 శాతం. “మోడల్ ఎవరి మీదా కోపం పెట్టుకోదు సార్, ఉన్నదున్నట్టు చెప్తుంది” అన్నాడు. అంకెలు నిజమే. ఆ రోజు నా దగ్గర ఎదురు జవాబు లేదు.

మొదట చేసింది, ఎందుకు పనికిరాలేదు

అందరికీ తట్టే మందు పిన్‌కోడ్ తీసేయడం. ఊరి మ్యాపు చూసి మనుషుల్ని వేరుచేయడానికి చెడ్డ చరిత్ర ఉంది. అమెరికాలో 1930ల్లో ఇళ్ల లోన్ల కోసం ఒక ప్రభుత్వ సంస్థ నగరాల మ్యాపులు గీయించి, నల్లజాతివారు ఉండే వాడలకు దాదాపుగా ఎర్ర రంగే వేసింది. హైదరాబాద్‌లో పిన్‌కోడ్‌తో పాటు యాప్ భాష కూడా తెలిస్తే, మతం కాలమ్ లేకపోయినా చాలామంది మతాన్ని ఊహించవచ్చు. అందుకని ఆ రెండు కాలమ్‌లూ తీసేసి మోడల్‌ను మళ్లీ కట్టించాం.

పాతబస్తీ వైపు మంజూరు 31 నుంచి 34కి వచ్చింది. అంతే.

ఎందుకిలా జరిగిందో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష చేశాను. రెండు వైపుల నుంచీ చెరి 500 దరఖాస్తులు తీసుకుని, పిన్‌కోడ్, భాష దాచిపెట్టి, మిగిలిన కాలమ్‌లతో ‘ఈ మనిషి ఏ వైపువాడో చెప్పు’ అని ఇంకో ప్రోగ్రామ్‌ను అడిగాను. కళ్లు మూసుకుని చెప్పినా నూటికి 50 సరిపోతాయి. అది 83 సరిగ్గా చెప్పింది. బ్యాంకు బ్రాంచి, ఖాతాలో డబ్బు పడే తీరు, పని రకం, షోరూము దూరం, ఇవన్నీ కలిసి పిన్‌కోడ్ చేసే పనే చేస్తున్నాయి. తలుపుకు తాళం వేశాం, కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. ఆ కిటికీలన్నీ మూసేద్దామంటే మోడల్ దగ్గర మిగిలేది వయసు ఒక్కటే, దాంతో ఎవరి గురించీ ఏమీ తేలదు.

ఈ పరీక్ష ఇంకోటి కూడా నేర్పింది. ఆ కాలమ్‌లలో అన్నిటికన్నా బరువున్నది ‘ప్రతి నెలా 5న ఖాతాలో సగటు నిల్వ’. స్కోరులోనూ అదే పెద్దది. ఈఎంఐ కోసే రోజు 5 కాబట్టి ఆ రోజు నిల్వ చూడటం ఎవరికైనా న్యాయంగానే తోస్తుంది. నాకూ తోచింది. దాన్ని అనుమానించకుండా ముందుకెళ్లాను, అక్కడ మూడు వారాలు పోయాయి.

రెండో ప్రయత్నం, చర్చ ఎక్కువ జరిగింది దీని మీదే

యాజమాన్యంలో ఒకాయన సూటిగా అడిగాడు. పాతబస్తీ వైపు కటాఫ్ తగ్గించేస్తే పోలేదా, శాతాలు సమానమవుతాయి, షోరూము యజమాని నోరు మూతపడుతుంది కదా అని. సాంకేతికంగా ఐదు నిమిషాల పని. వద్దనడానికి నాకు రెండు కారణాలు కనిపించాయి.

మొదటిది నైతికమైనది. తీర్చలేని మనిషికి లోను ఇవ్వడం ఉపకారం కాదు. ఈఎంఐలు ఆగితే బండి తీసుకుపోతారు, కట్టిన డౌన్ పేమెంట్ పోతుంది, క్రెడిట్ రికార్డులో మచ్చ పడుతుంది, రేపు ఇంటి లోను అడిగినా అది అడ్డొస్తుంది. మంజూరు శాతాలు సమానం చేసి చేతులు దులుపుకుంటే కంపెనీకి మంచి పేరు వస్తుంది, నష్టం మాత్రం ఆ ఇంటి మీద పడుతుంది. అలాగని రెండు వైపులా రిస్కు నిజంగా సమానమై ఉండి, స్కోరే ఒక వైపు తక్కువ చూపిస్తుంటే, కటాఫ్ సవరించకపోవడమూ తప్పే. ఇందులో ఏది నిజమో తెలియకుండా కటాఫ్ ముట్టుకోకూడదని నా వాదన.

రెండోది డేటాలోనే ఉంది. కటాఫ్ తగ్గిస్తే కొత్తగా లోపలికి వచ్చేది ఎవరో చూద్దామని, పాతబస్తీ వైపు పాత లోన్లు 400 తీసుకుని స్కోరు వరుసలో పేర్చాను. రెండేళ్లూ పూర్తయ్యేసరికి ఎవరు తీర్చారు, ఎవరు ఎగ్గొట్టారు అని పక్కన రాసుకున్నాను. స్కోరు పనిచేస్తుంటే ఎగ్గొట్టినవాళ్లు కింద పోగుపడాలి. పోగుపడలేదు, పై నుంచి కింద దాకా చెల్లాచెదురుగా ఉన్నారు. కూకట్‌పల్లి వైపు లోన్లకు ఇదే చేస్తే కింది భాగంలో చక్కగా గుమిగూడారు. అంటే ఈ స్కోరు పాతబస్తీవాళ్ల విషయంలో కఠినంగా ఉండటం కాదు, వాళ్లలో ఎవరు తీరుస్తారు, ఎవరు తీర్చరు అన్నదే దానికి తెలియదు. తెలియని స్కోరుకు కటాఫ్ ఎక్కడ పెట్టినా చీటీలు తీసినట్టే.

ఇక్కడే నాకు మొదటిసారి లేబుల్ మీద అనుమానం వచ్చింది.

కలెక్షన్ ఏజెంట్ పుస్తకం

పాతబస్తీ వైపు వసూళ్లు చూసే ఏజెంటుతో ఒక రోజంతా తిరిగాను. ఆయన దగ్గర పొడుగాటి లెక్కల పుస్తకం ఉంటుంది. అట్ట చిరిగిపోతే టేపు అతికించాడు. ఒక్కో పేజీ ఒక్కో లోను. లోను నంబరు, కింద వరుసగా తేదీ, సొమ్ము, రశీదు నంబరు. శాలిబండ దగ్గర చాయ్ తాగుతూ ఒక పేజీ తిప్పి చూపించాడు. తేదీలు ఇలా ఉన్నాయి: 9, 11, 10, 9, 12, 10, 10, 9. ఒక్క నెల కూడా ఖాళీ లేదు.

అదే లోను కంపెనీ కంప్యూటర్‌లో నేను ముందురోజే చూశాను. అక్కడ ఎనిమిది నెలలకు ఎనిమిది బౌన్సులు ఉన్నాయి.

“ఐదో తారీఖంటే ఈళ్లకు పైసలు ఎక్కడికెల్లి వస్తయ్ సార్?” అన్నాడు ఏజెంటు. “జీతం ఉన్నోళ్లా ఏంది. వారం వారం కూలి, దుకాణం గల్లా. నేను పదికి అటిటు పోత, చేతిల పెడ్తరు. ఎగ్గొట్టెటోడు ఎవడో నాకు మొదటి నెల్లనే తెలుస్తది, ఫోన్ ఎత్తడు.”

నాకు జరిగిన సంగతి అర్థమైంది. ఈఎంఐ నాచ్ పద్ధతిలో 5న ఖాతా నుంచి తానే కోతపడుతుంది. ఒకటో తారీఖు జీతం వచ్చేవాళ్లకు ఆ రోజు నిల్వ ఉంటుంది. రోజు సంపాదన, వారం కూలి మీద బతికేవాళ్ల డబ్బు ఖాతాలో కాదు, గల్లాలో, చేతిలో ఉంటుంది. కోత విఫలమవుతుంది, బౌన్స్ చార్జీ పడుతుంది, నాలుగైదు రోజుల్లో నగదు వస్తుంది. మోడల్ కట్టినవాళ్లు చెడ్డ లోను అంటే ఏమిటని రాశారో కోడ్‌లో వెతికాను. ఒకే ఒక్క లైను:

```
bad = bounces_6m >= 2
```

మొదటి ఆర్నెల్లలో రెండు బౌన్సులుంటే చెడ్డ లోను. ఎందుకిలా పెట్టారని అడిగితే, నిజంగా ఎగ్గొట్టారో లేదో తేలడానికి ఏడాదికి పైగా ఆగాలి, బౌన్స్ అయితే ఆర్నెల్లకే కంప్యూటర్‌లో దొరుకుతుంది అన్నారు. ఇందులో దురుద్దేశం ఏమీ లేదు. కొలవడానికి సులువుగా ఉన్నదాన్ని కొలిచారు.

బౌన్స్ అన్నది ఎగవేతకు గుర్తుగా అన్నిచోట్లా ఒకేలా పనిచేస్తే ఇబ్బంది ఉండేది కాదు. అది తేల్చడానికి పాత 1,200 లోన్లను కొత్త కళ్లతో చూశాను. రిజర్వ్ బ్యాంకు లెక్కలో వాయిదా గడువు దాటి 90 రోజులు మించితే ఆ లోను మొండి బాకీ. ఏడాదిలో ఎప్పుడైనా 90 రోజులు దాటిందా అన్నదే ప్రశ్నగా పెట్టుకున్నాను. కూకట్‌పల్లి వైపు 800 లోన్లలో 40 దాటాయి, 5 శాతం. పాతబస్తీ వైపు 400లో 24, అంటే 6 శాతం. 12కీ 29కీ ఉన్న అగాధం 5కీ 6కీ మధ్య గీతంత అయిపోయింది.

పాత లేబుల్ ‘చెడ్డవి’ అన్నవాటి గతేమిటో విడిగా చూస్తే ఇంకా స్పష్టంగా ఉంది. కూకట్‌పల్లి వైపు అలాంటివి 96. అందులో 36 నిజంగానే మొండి బాకీ అయ్యాయి. పాతబస్తీ వైపు 116, వాటిలో మొండి బాకీ అయినవి 20 మాత్రమే. జీతగాడి ఖాతాలో రెండు బౌన్సులు పడ్డాయంటే ఉద్యోగం పోయిందేమో, ఇంట్లో ఏదో జరిగిందేమో అని భయపడాల్సిందే. గాజుల పనిచేసే మనిషి ఖాతాలో రెండు బౌన్సులంటే ఆ నెల 5 శనివారం కూలికి ముందు వచ్చిందని అర్థం. ఒకే కొలత, రెండు చోట్ల రెండు అర్థాలు. మోడల్ మాత్రం రెండిటినీ ఒకటే అనుకుని నేర్చుకుంది.

ఇది ఈ కంపెనీకే వచ్చిన జబ్బు కాదు. అమెరికాలో ఆసుపత్రులు వాడే ఒక సాఫ్ట్‌వేర్ మీద 2019లో ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఎవరికి అదనపు వైద్య సాయం కావాలో అది చెప్పాలి. జబ్బు తీవ్రతను కొలవడం కష్టం కనుక, వైద్యానికి అయ్యే ఖర్చును అంచనా వేసింది. అంతే జబ్బున్నా నల్లజాతి రోగుల మీద అయ్యే ఖర్చు తక్కువగా ఉండేది, అందుకని వాళ్లు ఆరోగ్యవంతుల్లా కనిపించారు. అక్కడ ఖర్చు, ఇక్కడ బౌన్స్.

ఏది పనిచేసింది

లేబుల్ మార్చాం. ఏడాదిలో ఎప్పుడైనా వాయిదా గడువు దాటి 90 రోజులు మించితేనే చెడ్డ లోను. కోడ్‌లో మార్పు మళ్లీ ఒక్క లైనే:

```
bad = max_dpd_12m > 90
```

ఈఎంఐ తేదీ కూడా మార్చాం. 5, 12, 20లలో ఏది కావాలో దరఖాస్తు రోజే మనిషిని అడగడం మొదలుపెట్టారు. నా దృష్టిలో లేబుల్ కన్నా ఇది ముఖ్యమైనది. 5 అనేది ప్రకృతి పెట్టిన తేదీ కాదు. ఒకటో తారీఖు జీతగాడిని మనసులో పెట్టుకుని ఎవరో ఎప్పుడో పెట్టారు. నిర్ణయం అంతా మోడల్లోనే జరుగుతోందని మేం వెతుకుతుంటే, సగం నిర్ణయం అంతకుముందే క్యాలెండర్‌లో జరిగిపోయింది. నిల్వ కాలమ్‌ను కూడా 5 నుంచి తప్పించి, మనిషి ఎంచుకున్న తేదీకి కట్టాం.

ఇక్కడ ఆగిపోయి ఉంటే కేసు సగంలో ఆగినట్టే. పాతబస్తీ వైపు 6 శాతమన్న అంకె నన్ను ఇబ్బంది పెడుతూనే ఉంది. ఆ 400 మందినీ మేనేజర్లు చూసి, ఇంటికెళ్లి ఎంచుకున్నారు. మోడల్ రిజెక్ట్ చేసిన 690 మందిలో ఎవరు తీర్చేవారో ఏ రికార్డులోనూ ఉండదు, ఎందుకంటే వాళ్లకు లోనే ఇవ్వలేదు. ఇలాంటి స్కోర్ల పెద్ద గుడ్డితనం ఇదే. రిజెక్ట్ చేసినవాళ్ల విషయంలో స్కోరు తప్పని ఎప్పటికీ రుజువు కాదు.

అందుకని ఒక పరీక్ష ప్రతిపాదించాను. పాత స్కోరు రిజెక్ట్ అన్నవాళ్లలోంచి, ఆదాయానికి ఈఎంఐ మరీ భారం కానివాళ్లను తీసి, లాటరీ వేసి 150 మందికి మామూలు షరతుల మీదే లోను ఇవ్వాలి. కంపెనీ యజమాని తల అడ్డంగా ఊపాడు. కాగితం మీద లెక్క వేశాం. ఎగ్గొట్టిన ఒక్కో లోను మీద, బండి అమ్ముకోగా, సుమారు 35 వేలు పోతుంది. నూటికి ఆరుగురైతే 9 లోన్లు, 3 లక్షల పైచిలుకు. నూటికి పదిహేనుగురైతే 22 లేదా 23 లోన్లు, 8 లక్షలు. 8 లక్షల దగ్గర గీత గీశాం. ఒక షరతు నేను పెట్టాను: ఈ 150 మందిలో ఎవరైనా తడబడితే, బండి దాకా పోకముందే తేదీ మార్చుకునే అవకాశం ఇవ్వాలి. పరీక్ష మనది, దాని దెబ్బ వాళ్ల మీద పడకూడదు.

లాటరీలో వచ్చినవాళ్లలో లాడ్ బజార్‌కు లక్క గాజులు చేసిచ్చే ఒకాయన ఉన్నాడు. మొదటిసారి రిజెక్ట్ అయినప్పుడు ఆయనకు వచ్చిన మెసేజ్ షోరూములో చూపించాడు. ‘అంతర్గత విధానం ప్రకారం మీ దరఖాస్తు ఆమోదించబడలేదు.’ “నా తప్పేందో చెప్తే సరిచేసుకుంటుంటి కదా సార్” అన్నాడు. తొమ్మిదేళ్ల ఖాతా, అన్నదమ్ములతో సొంతిల్లు, అంతకుముందు ఒక ఫ్రిజ్ లోను పూర్తిగా తీర్చిన రికార్డు ఉన్నాయి. ఫైల్లో తప్పు అనదగ్గది ఒక్కటే, 5న నిల్వ. ఈసారి ఆయన 12 ఎంచుకున్నాడు.

ఏడాది తర్వాత 150లో 9 లోన్లు 90 రోజులు దాటాయి. 6 శాతం. 150 అనేది చిన్న గుంపు కనుక అసలు శాతం 3 నుంచి 11 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. 6 అని గట్టిగా చెప్పను కానీ, పాత స్కోరు భయపెట్టినంత లేదని చెప్పడానికి అది చాలు. కొత్త లేబుల్, కొత్త తేదీలు, ఈ 150 లోన్ల అనుభవం కలిపి మోడల్ మళ్లీ కట్టాక కూకట్‌పల్లి వైపు మంజూరు 60 శాతం, పాతబస్తీ వైపు 51 శాతం అయింది. రెండు బౌన్సులు పడే లోన్లు పాతబస్తీ వైపు 29 శాతం నుంచి 14 శాతానికి దిగాయి, మనుషులు మారకుండానే, తేదీ మారి.

రిజెక్ట్ మెసేజ్ కూడా మారింది. ఇప్పుడు ‘మీరు ఎంచుకున్న తేదీకి గత ఆర్నెల్లలో నాలుగు నెలలు నిల్వ ఈఎంఐ కన్నా తక్కువ ఉంది’ అని వస్తుంది. దాన్ని చదివి మనిషి ఏదైనా చేయగలడు.

తేలని ప్రశ్న

60కీ 51కీ మధ్య తేడా ఇంకా ఉంది. చివరి సమావేశంలో యజమాని “ఇప్పుడిది న్యాయంగా ఉన్నట్టా, లేనట్టా? ఒక్క మాటలో చెప్పండి” అన్నాడు. ఒక్క మాటలో ఎందుకు చెప్పలేనో బోర్డు మీద రాసి చూపించాను. కింది అంకెలు కంపెనీవి కావు, అర్థం కావడానికి వేసుకున్నవి.

స్కోరు మనుషుల్ని రెండు డబ్బాల్లో వేస్తుందనుకుందాం. ‘తక్కువ రిస్క్’ డబ్బాలో నూటికి 10 మంది ఎగ్గొడతారు, ‘ఎక్కువ రిస్క్’ డబ్బాలో నూటికి 30. రెండు పేటలకూ ఈ మాట సమానంగా నిజం, ఎవరికీ అన్యాయం లేదు. మొదటి పేటలో నూరుమందిలో 80 మంది తక్కువ డబ్బాలో, 20 మంది ఎక్కువ డబ్బాలో ఉన్నారు. రెండో పేటలో సగం సగం. ఎక్కువ డబ్బాలోని వాళ్లందరినీ రిజెక్ట్ చేశాం.

మొదటి పేటలో బాకీ తీర్చే మంచివాళ్లు 86 మంది. వాళ్లలో 14 మంది రిజెక్ట్ అయ్యారు, అంటే 16 శాతం. రెండో పేటలో మంచివాళ్లు 80 మంది, రిజెక్ట్ అయింది 35. దాదాపు 44 శాతం. స్కోరుకు రెండు చోట్లా ఒకటే అర్థం, అయినా రెండో పేటలో పుట్టిన మంచివాడు రిజెక్ట్ అయ్యే అవకాశం రెండున్నర రెట్ల పైమాటే. ఈ శాతాల్ని సమానం చేయాలంటే రెండు పేటలకు వేర్వేరు కటాఫ్‌లు పెట్టాలి. అప్పుడు ఒకే స్కోరున్న ఇద్దరిలో ఒకరికి లోను, ఒకరికి లేదు.

సరిగ్గా ఈ తగాదానే 2016లో అమెరికాలో నడిచింది. ఫ్లోరిడాలోని ఒక కౌంటీలో నిందితులు మళ్లీ నేరం చేస్తారా అని అంచనా వేసే కంపాస్ అనే ప్రోగ్రామ్‌ను ప్రోపబ్లికా వార్తా సంస్థ పరిశీలించింది. తర్వాత ఏ నేరమూ చేయని నల్లజాతివారిలో దాదాపు 45 శాతాన్ని, తెల్లవారిలో 23 శాతాన్ని అది ప్రమాదకరుల లెక్కలో వేసిందని రాసింది. తయారుచేసిన కంపెనీ, మా స్కోరుకు రెండు జాతుల విషయంలోనూ ఒకటే అర్థం, పక్షపాతం ఎక్కడుంది అంది. ఇద్దరి లెక్కలూ సరైనవే. అసలు రేట్లు వేరైనప్పుడు, అంచనా నూటికి నూరుపాళ్లు తప్పులేనిదైతే తప్ప, ఈ రెండు రకాల న్యాయాలూ ఒకేసారి దొరకవని పరిశోధకులు ఆ వెంటనే గణితంతో నిరూపించారు.

కాబట్టి ఏ న్యాయం కావాలో ప్రోగ్రామ్‌ను అడిగి లాభం లేదు. యజమాని కాగితం మీద రాసి సంతకం పెట్టాలన్నాను. ఆయన రెండు రోజులు తీసుకున్నాడు. ఒకే స్కోరున్నవాళ్లకు ఒకే నిర్ణయం అన్న నియమాన్నే ఉంచుకున్నాడు. దాని వల్ల మంచివాళ్లకు జరిగే నష్టం తగ్గించడానికి, కటాఫ్‌కు కొంచెం కిందున్న ఫైళ్లను ఇద్దరు మేనేజర్లు విడివిడిగా చూసి, కారణం రాసి తేల్చాలని చేర్చాడు. పాత మేనేజర్ల రోగం మళ్లీ రాదా అంటే, రావచ్చు. ఒక్కరి సంతకం చాలేది అప్పుడు. ఇప్పుడు ఇద్దరు, కారణం రాతలో. నాకు పూర్తిగా నచ్చిన పరిష్కారం కాదు. నేనైతే మంచివాళ్లు రిజెక్టయ్యే శాతాన్ని ప్రతి మూడు నెలలకూ బోర్డు ముందు పెట్టాలని కూడా రాసేవాణ్ణి. అది ఆయన ‘తర్వాత చూద్దాం’లో పెట్టాడు.

ఇప్పుడు నేను చూస్తున్నది

కొత్త లేబుల్ కూడా కడిగిన ముత్యం కాదు. ఏజెంటుతో తిరిగిన రోజు రాసుకున్న నోట్సు మళ్లీ చదువుతుంటే ఒక సంగతి తగిలింది. పాతబస్తీ వైపు బౌన్స్ అయిన వారంలోపే ఏజెంటు గుమ్మం ముందుంటాడు. కూకట్‌పల్లి వైపు నెల దాకా ఫోన్లే, ఆ తర్వాతే మనిషి వెళ్తాడు. అంటే 90 రోజులు దాటడమన్నది అప్పు తీసుకున్నవాడి గుణంతో పాటు కంపెనీ ఎంత తొందరగా తలుపు తట్టిందో కూడా చెబుతోంది. రెండు వైపులా ఒకే తీరున వెళ్లి ఉంటే ఆ 5, ఆ 6 ఎలా ఉండేవో నా దగ్గర లెక్క లేదు. కంప్యూటర్‌లో ఏజెంటు వెళ్లిన తేదీ రాసే కాలమ్ ఏదీ లేదు, టేపు అతికించిన ఆ పుస్తకంలోనే ఉంది. పోయిన నెల నుంచి ఆ తేదీలు కూడా ఎక్కిస్తున్నారు. ఏడాది లోన్లు నిండాక ఇదే లెక్క మళ్లీ వేయాలి.